కొత్త ఖాతాకు తొలి మూడు నెలలు

సిరిసిల్లలో సాంచాలు నడిపే ఇళ్లలో, బట్ట కట్టుకునే మనిషి ఎవరన్నది లెక్క పెట్టుకోవాల్సిన అవసరం చాలాకాలం రాలేదు. నూలు ఒకరు ఇచ్చేవారు, బట్ట ఒకరు తీసుకునేవారు, మధ్యలో ఆసామి తన కూలి లెక్క తాను చూసుకునేవాడు. 2017లో బతుకమ్మ చీరల పథకం మొదలయ్యాక ఏటా దాదాపు కోటి చీరల ఆర్డరు ప్రభుత్వం నుంచే వచ్చేది. కొనేది ఒక్కరే. 2024లో ఆ చీరల పంపిణీ ఆగిపోయింది. ఆ తర్వాత మహిళా సంఘాల చీరల ఆర్డరు వచ్చినా, ఒక్క ఆర్డరునే నమ్ముకుంటే ఏమవుతుందో ఆ మధ్యకాలంలో ఊరంతా చూసింది. అందుకే ఇప్పుడు చాలా ఇళ్లలో కొడుకో కోడలో ఫోన్ తీసి, ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక వ్యాపార ఖాతా తెరిచి, మన చీరలు మనమే అమ్ముకుందాం అంటున్నారు. మంచి ఆలోచన. అయితే ఖాతా తెరిచిన రోజు రాత్రే ఇంట్లో ఒక ప్రశ్న వస్తుంది: మూడు నెలల్లో ఎక్కడికి చేరాలి?

ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే. పదివేల మంది ఫాలోవర్లు. ఆ పదివేలు ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే, ఫలానా వాళ్లకు ఉన్నారు కాబట్టి అంటారు. జగిత్యాల జిల్లా వాళ్లయితే ఇంకా తొందరగా మై విలేజ్ షో పేరు చెబుతారు. మల్యాల మండలం లంబాడిపల్లి నుంచి వచ్చిన ఆ ఛానల్ మన కళ్లముందే పెరిగింది కాబట్టి, అలా చెప్పడం సహజమే. కానీ ఆ ఛానల్ మొదలైంది 2012లో. గంగవ్వ బిగ్ బాస్ ఇంట్లోకి వెళ్లింది 2020లో. మధ్యలో ఎనిమిదేళ్లున్నాయి. పైగా అది వినోదం, చూస్తే చాలు. మనది సరుకు, చూసినవాళ్లు డబ్బు పంపాలి. అక్కడి అంకెను మన మూడు నెలలకు గురిగా పెట్టుకోవడం ఏ విధంగానూ కుదరదు.

నేను చెప్పదలచుకున్నది ఇది. కొత్త ఖాతాకు మొదటి నెలలో ఫలితాల గురి పెట్టొద్దు. చేసే పని మీద మాత్రమే గురి పెట్టండి. వచ్చిందంతా రాసుకోండి. రెండో నెలలో ఒక్కటంటే ఒక్కటి మార్చి చూడండి. అప్పుడు మీ సొంత అంకెల నుంచి మూడో నెల గురి తీయండి. ఇది ఎలాగో ఒక ఇంటి లెక్కతో చూద్దాం. ఇల్లు ఊహించిందే, అంకెలు కూడా అనుకున్నవే. అసలు సంగతి అంకెలు ఒకదాని నుంచి ఒకటి ఎలా పుడతాయన్నది.

సిరిసిల్లలో ఒక కుటుంబం. సొంతంగా నేయించిన కాటన్ చీరలు 60 ఉన్నాయి. ఆరు రకాలు, ఒక్కో రకంలో పది. అమ్మకం ధర 900 రూపాయలు, చీర తమకు పడిన ఖర్చు 600. కొరియర్ తామే పెట్టుకుంటే 80, కవరు, అట్ట, టేపు కలిపి 40. అంటే ఒక చీర పంపితే చేతిలో మిగిలేది 180. ఈ 180 అనే అంకెను నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోవాలి, ఎందుకంటే తర్వాత ఎవరైనా వచ్చి 'రోజుకు కాసిని పైసలు పెట్టి పోస్టును బూస్ట్ చేయండి' అన్నప్పుడు జవాబు ఆ పేజీలోనే ఉంటుంది. బూస్ట్‌కు 3,000 పెట్టి ఐదు చీరలు అమ్మితే, ఒక్కో చీరకు ప్రచారం ఖర్చే 600 పడింది. మిగిలేది 180 అయినప్పుడు అది అమ్మకం కాదు, చేతినుంచి ఇచ్చుకోవడం.

ఖాతాను మొదటిరోజే ప్రొఫెషనల్ అకౌంట్‌గా మార్చుకోవాలి. మామూలు ఖాతాలో ఇన్‌సైట్స్ అనే లెక్కల పేజీ రాదు, మార్చిన తర్వాతే అది కూడుతుంది. నెల గడిచాక మారిస్తే ఆ నెల లెక్క అంత వివరంగా దొరకదు. ఒక చిన్న చిక్కు కూడా చెప్పాలి. వ్యాపార ఖాతాగా మార్చాక కొన్ని సినిమా పాటలు రీల్‌కు పెట్టుకోవడానికి రావు. పాట రాలేదని మళ్లీ మామూలు ఖాతాకు మార్చేసినవాళ్లు ఉన్నారు. అలా చేయకండి. సాంచా చప్పుడే పెట్టండి, లేదా ఇంట్లో ఆడమనిషి గొంతుతో చీర గురించి చెప్పించండి. పొడుగు ఎంత, బ్లౌజు ముక్క ఉందా, ఉతికితే రంగు పోతుందా అన్నవి కొనే మనిషికి పాట కంటే ముఖ్యం.

మొదటి నెల గురి ఇలా ఉండాలి. వారానికి మూడు రీల్స్, నెలకు 12. సాయంత్రం వచ్చిన ప్రతి మెసేజ్‌కు గంటలోపు జవాబు. ప్రతి మెసేజ్‌కూ నోటుబుక్కులో ఒక వరుస: తేదీ, తెలిసినవాళ్లా కొత్తవాళ్లా, ఏ చీర చూసి అడిగారు, ఏం అడిగారు, ఎక్కడ ఆగిపోయారు. ఈ మూడూ మన చేతిలో ఉన్నవి. జనం చూస్తారా, కొంటారా అన్నది మన చేతిలో లేదు. మన చేతిలో లేనిదాన్ని మొదటి నెలలోనే గురిగా పెట్టుకుంటే, రెండో వారానికే ఇంట్లో ముఖాలు మారిపోతాయి, మూడో వారానికి రీల్స్ ఆగిపోతాయి. నేను చూసినంతలో కొత్త ఖాతాలు ఎక్కువగా ఆగేది ఇక్కడే, అమ్మకాలు లేక కాదు.

నెల చివర లెక్క చూస్తే, ఖాతా 4,000 మందికి చేరింది. ఇది నెల మొత్తానికి ఇన్‌సైట్స్ చూపించే అంకె. చాలామంది ఒక్కో రీల్ కింద ఉన్న అంకెలన్నీ కూడి పెద్ద మొత్తం చెబుతుంటారు. ఒకే మనిషి ఐదు రీల్స్ చూస్తే ఆ కూడికలో ఐదుసార్లు పడతాడు. నెల అంకెనే తీసుకోవాలి. ఆ 4,000లో ప్రొఫైల్ దాకా వచ్చినవి 160. మెసేజ్ పెట్టినవాళ్లు 20. కొన్నవాళ్లు నలుగురు.

ఇక్కడ నోటుబుక్కు పనికొస్తుంది. ఆ నలుగురిలో ముగ్గురు తెలిసినవాళ్లు. ఒకరు మేనత్త కూతురు, ఒకరు పాత పక్కింటివాళ్లు, ఒకరు కొడుకు స్నేహితుడి తల్లి. వాళ్లు ఖాతా లేకపోయినా కొనేవాళ్లే, ఫోన్ చేస్తే ఇంటికి వచ్చేవాళ్లే. ఖాతా తెచ్చిన బేరం ఒక్కటే. ఇది విని నీరసపడకండి. ముక్కూ ముఖం తెలియని మనిషి ముందే డబ్బు పంపి చీర తెప్పించుకుంది. ఖాతా పనిచేస్తుందా లేదా అన్నదానికి అసలు కొలత ఆ ఒక్కటే. అందుకే మూడు నెలలూ నోటుబుక్కులో తెలిసినవాళ్ల ఆర్డర్లు ఒక వైపు, కొత్తవాళ్ల ఆర్డర్లు ఇంకో వైపు రాయాలి. గురి కొత్తవాళ్ల వైపు మాత్రమే పెట్టాలి.

ఫాలోవర్ల సంగతీ ఇదే. మొదటి వారంలో చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో లింకు పెడితే రెండు మూడు వందల మంది వస్తారు. దుబాయిలో ఉన్న బావమరిది, భివండీలో ఉన్న చిన్నాన్న కొడుకు, సోలాపూర్ చుట్టాలు అందరూ గుండె గుర్తు పెడతారు. ప్రేమ నిజమే, అందులో తప్పు లేదు. కానీ ఆ అంకె చూసి బేరాలు వస్తాయని అనుకోవద్దు. ఒక మేలు మాత్రం ఉంది. వంద మంది ఫాలోవర్లు దాటాక ఏ ఊళ్ల నుంచి చూస్తున్నారో ఇన్‌సైట్స్ చూపిస్తుంది. అక్కడ చుట్టాలను తీసేసి చూస్తే, సోలాపూర్‌లోనో సూరత్‌లోనో మనకు తెలియని తెలుగు ఇళ్లు కనిపించవచ్చు. నేత పనికి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు ఆ ఊళ్లలో తరాలుగా ఉన్నాయి. సిరిసిల్ల చీర అంటే వాళ్లకు వివరించాల్సిన పనిలేదు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ల సంగతి వేరు. డబ్బు అక్కడినుంచి పంపుతారు, చీర చేరాల్సింది ఇక్కడ కోరుట్లలోనో మెట్‌పల్లిలోనో ఉన్న ఇంటికి. చిరునామా, డబ్బు వేర్వేరు చోట్ల నుంచి వస్తాయి కాబట్టి నోటుబుక్కులో రెండూ రాయాలి.

ఇప్పుడు రెండో నెల. మొదటి నెల 20 మెసేజ్‌లు తిరగేస్తే పదకొండు మంది 'ధర ఎంత' అని అడిగి, చెప్పగానే మాయమైపోయారు. కాబట్టి రెండో నెలలో మార్చేది ఒక్కటే: ప్రతి రీల్‌లో ధర రాయడం. 900, కొరియర్‌తో కలిపి. ఇంకేదీ మార్చకూడదు. అదే నెలలో రీల్స్ సంఖ్య పెంచి, కొత్త రకాలు తెచ్చి, బూస్ట్ కూడా పెడితే, ఫలితం దేనివల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

రెండో నెల చివర చూస్తే మెసేజ్‌లు 20 నుంచి 15కు పడిపోయాయి. ఇంట్లో పెద్దాయన ధర రాయడం వల్లే గిరాకీ పోయిందన్నాడు. కానీ ఆ 15లో కొత్తవాళ్లు 12 మంది, వాళ్లలో ముగ్గురు కొన్నారు. మొదటి నెల కొత్తవాళ్లు 12 మంది అడిగితే కొన్నది ఒక్కరు. ధర చూసి వద్దనుకున్నవాళ్లు మెసేజ్ పెట్టే శ్రమ తీసుకోలేదు, అడిగినవాళ్లు కొనే ఉద్దేశంతోనే అడిగారు. మెసేజ్‌లు తగ్గడం నష్టం కాలేదు.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ఒకటికీ మూడుకూ మధ్య తేడా అంత చిన్న అంకెల్లో కేవలం అదృష్టం కూడా కావచ్చు. ఆ వారం ఎవరింట్లోనో పెళ్లి ఉండి ఇద్దరు అక్కాచెల్లెళ్లు కలిసి తెప్పించుకుని ఉండవచ్చు. అందుకని రెండో నెల నేర్పిన దాన్ని నమ్మాలి గానీ, దానికి పూర్తిగా బందీ కాకూడదు. మూడో నెలలోనూ ధర అలాగే ఉంచి, అదే తీరు నిలుస్తుందేమో చూడాలి.

మూడో నెల గురి ఇప్పుడు తీయవచ్చు. ఆర్డరు దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడవాలి. కొత్తవాళ్లు నలుగురు అడిగితే ఒకరు కొంటున్నారు. రెండో నెలలో ఖాతా 4,500 మందికి చేరితే, ప్రొఫైల్‌కు వచ్చినవి 180, అంటే ప్రతి 25 మందికి ఒకటి. ఆ 180లోంచి కొత్తవాళ్ల మెసేజ్‌లు 12, అంటే 15కు ఒకటి.

ఇంట్లో కుర్రాడు మూడో నెల ఆరు ఆర్డర్లు అన్నాడనుకోండి. ఆరు ఆర్డర్లకు 24 మెసేజ్‌లు. 24 మెసేజ్‌లకు 360 సార్లు ప్రొఫైల్‌కు రావాలి. దానికి ఖాతా 9,000 మందికి చేరాలి. అదే 12 రీల్స్‌తో, పైసా ఖర్చు పెట్టకుండా, ఒక్క నెలలో రెండింతలు. ఇది కోరిక మాత్రమే. అయితే లెక్క ఇలా విడదీసి రాసుకున్నప్పుడు ఒక సంగతి బయటపడుతుంది. రీల్ చూసి దాటిపోయేవాళ్లు ఎలాగూ ఉంటారు, కానీ ప్రొఫైల్ దాకా వచ్చినవాళ్లు కూడా చాలామంది మెసేజ్ పెట్టకుండానే జారిపోతున్నారు. 15 మంది తలుపు దాకా వచ్చి ఒక్కరే పిలుస్తున్నారు. ప్రొఫైల్ తెరిచి చూస్తే కారణం అక్కడే ఉంటుంది: పేరు ఇంగ్లీషులో పొట్టి అక్షరాలతో ఏదో ఉంది, ఊరు పేరు లేదు, వాట్సాప్ లింకు లేదు, పైన మొదట కనిపించే మూడు పోస్టులు పండుగ శుభాకాంక్షలు. కొత్త మనిషికి ఇది చీరల ఖాతా అన్న సంగతే అర్థం కాదు.

అందుకని మూడో నెలలో మార్చే ఒక్కటీ ప్రొఫైల్. సిరిసిల్ల కాటన్ చీరలు అని తెలుగులోనే రాయాలి, వాట్సాప్ బిజినెస్ లింకు పెట్టాలి, బాగా అడిగిన మూడు చీరల రీల్స్ పైన పిన్ చేయాలి. దీనివల్ల 15కు ఒక మెసేజ్ పదికి ఒకటిగా మారిందనుకుంటే, ఐదు ఆర్డర్లకు 20 మెసేజ్‌లు, 20 మెసేజ్‌లకు 200 సార్లు ప్రొఫైల్, దానికి 5,000 మంది. రెండో నెల 4,500 వచ్చింది కాబట్టి 5,000 అందే దూరంలోనే ఉంది. మూడో నెల గురి ఐదు. దాని పక్కనే ఇంకో రెండు అంకెలు రాయాలి. మూడు కంటే తగ్గితే ఎక్కడో విరిగింది, వెతకాలి. ఎనిమిది దాటితే సరుకు చాలుతుందా, ఎక్కువ అడిగిన రకం అయిపోయిందా చూడాలి. ఒక్క అంకె పెట్టుకుంటే దాటడం, దాటకపోవడం అనే రెండే మాటలు మిగులుతాయి. మూడు అంకెలుంటే ఏం చేయాలో తెలుస్తుంది.

మొత్తం మూడు నెలల్లో కొత్తవాళ్లకు అమ్మేది ఒకటీ, మూడూ, ఐదూ, కలిపి తొమ్మిది చీరలు. మిగిలేది 1,620 రూపాయలు. ఈ మాట మొదటి రోజే ఇంట్లో అందరి ముందూ చెప్పుకోవాలి. ఖాతా మీద ఇల్లు గడుస్తుందనుకుని సాంచా పని మానుకుంటే చాలా కష్టపడతారు.

ఈ లెక్కను తప్పుదారి పట్టించేవి రెండున్నాయి. ఒకటి, ఉన్నట్టుండి పరుగెత్తే రీల్. పదకొండు రీల్స్ మూడు నాలుగు వందల మందికి చేరి, పన్నెండోది 14,000 మందికి వెళుతుంది. సాంచా మీద రంగులు మారుతూ బట్ట వస్తున్న దృశ్యం అలా వెళ్లడం సాధారణం. చూసినవాళ్లలో ఎక్కువమందికి యంత్రం చూడాలని ఉంది, చీర కొనాలని లేదు. ఆ ఒక్కటి కలిపి సగటు తీస్తే నెల లెక్కంతా ఉబ్బిపోతుంది. పన్నెండింటినీ చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా రాసి మధ్యలో ఉన్న రెండింటిని చూడండి, మీ ఖాతా అసలు స్థితి అదే. పెద్ద రీల్‌ను విడిగా రాసి, దాని తర్వాత మూడు రోజుల్లో ఎన్ని మెసేజ్‌లు వచ్చాయో చూడండి.

రెండోది పండుగ. శ్రావణంలో ఖాతా తెరిచి దీపావళి దాకా లెక్క చూస్తే గ్రాఫు పైకే వెళుతుంది. ఆ మూడు నెలల్లో చీరలు ఎవరైనా కొంటారు, ఎక్కడైనా కొంటారు. దాన్ని మన గొప్ప అనుకుని ఆ తర్వాత సరుకు రెండింతలు తెస్తే, పుష్యమాసంలో కదలదు. ముహూర్తాలు లేని నెలల్లో తెరిచినవాళ్లు ఇంకో రకంగా నష్టపోతారు, ఖాతా బాగానే ఉన్నా పనికిరాదని మూసేస్తారు. మూడు నెలలు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, వాటిలో పెళ్లిళ్లు ఎన్ని, పండుగలేమిటి అన్నది మొదటి పేజీలోనే క్యాలెండర్ చూసి రాసుకోవాలి.

చీరలకు చెప్పిన లెక్క అన్ని సరుకులకూ పనికిరాదు. కోరుట్లలో మగ్గం వర్క్ బ్లౌజులు కుట్టే ఒక ఆమెను తీసుకోండి. భారీ పని ఉన్న బ్లౌజు ఒకటి నాలుగైదు రోజులు పడుతుంది. పనివాళ్లు ఇద్దరే అయితే నెలకు పన్నెండు దాటవు. ఎంత మందికి చేరామన్నది ఆమెకు పెద్ద కొలత కాదు, చేరినవాళ్లు కొలతలు ఇవ్వడానికి రాగలిగేంత దూరంలో ఉన్నారా అన్నదే కొలత. మెట్‌పల్లి, రాయికల్, కథలాపూర్ నుంచి వచ్చిన అయిదు విచారణలు, హైదరాబాద్ నుంచి వచ్చిన యాభై లైకుల కంటే ఎక్కువ. ఆమె మూడు నెలల గురి ఒక వాక్యంలో సరిపోతుంది: కోరుట్ల చుట్టుపక్కల నుంచి, ఎవరూ చెప్పకుండా, ఫోన్‌లో చూసి వచ్చినవాళ్లు నెలకు నలుగురు. వచ్చిన ప్రతి ఒక్కరినీ 'ఎక్కడ చూశారు' అని అడిగి రాసుకోవడమే కొలత.

జగిత్యాల మామిడి తోట వాళ్లకు ఇంకో చిక్కు. చల్‌గల్ మార్కెట్‌కు పోయే కాయను పక్కనపెట్టి, కొంత పండును పెట్టెల్లో నేరుగా ఇళ్లకు అమ్మాలనుకుంటే, సీజనే రెండు మూడు నెలలు. కాయ కోతకు వచ్చాక ఖాతా తెరిస్తే, నేర్చుకునేలోపు తోట ఖాళీ అవుతుంది. వాళ్లు జనవరిలో, పూత మీద ఉండగా తెరవాలి. ఆ మూడు నెలలకు అమ్మకం గురి సున్నా. లెక్కించేది, 'పండు వచ్చినప్పుడు చెప్పండి' అని పేరూ నంబరూ ఇచ్చినవాళ్లను. ఏప్రిల్‌లో ఆ పట్టీకి మెసేజ్ పెడితే ఎంతమంది నిజంగా డబ్బు కట్టారో అప్పుడు తెలుస్తుంది. తర్వాత చూడాల్సిన అంకె ఒక్కటే: పంపిన పెట్టెల్లో ఎన్నింటిలో కాయ నలిగిందని ఫిర్యాదు వచ్చింది. ఇరవై పెట్టెల్లో నాలుగు నలిగితే ఖాతా పెంచడం ఆపి, పెట్టెలో గడ్డి, కాగితం ఎలా సర్దుతున్నారో చూడాలి.

చివరగా, నోటుబుక్కు పని తగ్గించడానికి వాట్సాప్ బిజినెస్‌లో లేబుళ్లున్నాయి. కొత్త కస్టమర్, కొత్త ఆర్డరు, డబ్బు రావాల్సినవి, డబ్బు వచ్చినవి, పూర్తయినవి. రోజూ రాత్రి పది నిమిషాలు కూర్చుని ఎవరిని ఎక్కడ పెట్టాలో పెడితే, నోటుబుక్కు సగం దానంతటదే నిండుతుంది. 'డబ్బు రావాల్సినవి' కింద వారం దాటి ఎవరైనా ఉన్నారంటే, చీర పక్కన పెట్టి ఎదురుచూస్తున్నామన్నమాట. అక్కడ తెలిసినవాళ్ల మొహమాటాలు ఎక్కువ, ఉద్దెర మొదలయ్యేది అక్కడే.

మూడు నెలలు నిండే ముందు ఇంట్లో అందరూ కూర్చుని, మూడో నెల ఫలితం రాకముందే ఒక నిర్ణయం రాసిపెట్టుకోండి. కొత్తవాళ్ల ఆర్డర్లు మూడు కంటే తక్కువైతే రకం మారుస్తాం, ఖాతా మూయం. మూడు నుంచి ఎనిమిది మధ్య వస్తే ఇదే పద్ధతిలో ఇంకో మూడు నెలలు. మొదటిసారి కొన్న ఆ కొత్తవాళ్లలో ఎవరైనా రెండోసారి అడిగితే, ఆమె ఏ చీర అడిగిందో ఆ రకం ముందుగా పది నేయిస్తాం.